రెండో అవకలజం నోరు విప్పనప్పుడు

ఇంటర్మీడియట్‌లో గరిష్ఠ కనిష్ఠాల లెక్కలు చేసినవారికి ఈ వరస నోటికే వచ్చి ఉంటుంది. ప్రమేయాన్ని ఒకసారి అవకలనం చేసి సున్నాకు సమానం చేయాలి. అలా దొరికిన ప్రతి సందిగ్ధ బిందువు దగ్గరా రెండో అవకలజం విలువ చూడాలి. అది ధనాత్మకమైతే అక్కడ కనిష్ఠం, రుణాత్మకమైతే గరిష్ఠం. పాఠ్యపుస్తకంలోని లెక్కలు చాలావరకు ఇక్కడితో తెగిపోతాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం రెండో అవకలజం కూడా సున్నాగా వస్తుంది. అప్పుడు ‘పరీక్ష విఫలం’ అని ఒక్క ముక్క రాసి పుస్తకం ముందుకు వెళ్లిపోతుంది.

ఆ చోట విద్యార్థులు తరచూ రాసే జవాబు ఒకటుంది. ‘ఇది గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు, వక్రం వంపు మారే బిందువు’ అని. రెండో అవకలజం వంపును చెబుతుంది కాబట్టి, అది సున్నా అయిందంటే వంపు మారినట్టేనని వాళ్ల తర్కం. వినడానికి బాగానే ఉంటుంది గానీ తప్పు. x³, x⁴, −x⁴ అనే మూడు ప్రమేయాలు తీసుకోండి. x = 0 దగ్గర మూడింటికీ మొదటి అవకలజం సున్నా, రెండో అవకలజమూ సున్నా. అయినా x³ ఎడమవైపు నుంచి పైకి వస్తూ సున్నా దగ్గర కాస్త చదునై, మళ్లీ పైకే పోతుంది. x⁴కి అక్కడ కనిష్ఠం. −x⁴కి గరిష్ఠం. రెండో అవకలజం మూడుచోట్లా ఒకే జవాబిచ్చింది, జరిగినవి మాత్రం మూడు వేరువేరు సంగతులు. అంటే ఆ సున్నాను తీర్పుగా తీసుకోకూడదు. ఈ మెట్టు మీద సమాచారం లేదు, పై మెట్టును అడగమని మాత్రమే దాని అర్థం.

పై మెట్లను ఎలా అడగాలో స్కాట్లండ్ గణితవేత్త కాలిన్ మెక్లారిన్ 1742లో అచ్చయిన తన ఫ్లక్షన్ల గ్రంథంలో సరిగా చెప్పాడు. పద్ధతి తేలిక. మొదటి అవకలజం సున్నా అయిన బిందువు దగ్గర రెండోది, మూడోది, నాలుగోది అలా వరసగా లెక్కకట్టుకుంటూ పోవాలి. మొట్టమొదట సున్నా కానిది ఎన్నోదో చూడాలి. అది సరిసంఖ్య అయితే అక్కడ గరిష్ఠమో కనిష్ఠమో ఉన్నట్టే. విలువ ధనాత్మకమైతే కనిష్ఠం, రుణాత్మకమైతే గరిష్ఠం. బేసిసంఖ్య అయితే రెండూ కాదు, వక్రం ఆ బిందువు మీదుగా ఒకే దిశలో సాగిపోతుంది. మనం బడిలో నేర్చుకున్న రెండో అవకలజ పరీక్ష ఈ నియమంలో మొట్టమొదటి సందర్భం, అంతే.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఒక బిందువు నుంచి h అనే చిన్న దూరం జరిగితే ప్రమేయం విలువలో వచ్చే మార్పును టేలర్ శ్రేణి h, h², h³, h⁴ పదాల మొత్తంగా విడదీస్తుంది. మొదటి అవకలజం h పదానికి గుణకం. రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 6తో, నాలుగోదాన్ని 24తో భాగిస్తే తర్వాతి పదాల గుణకాలు వస్తాయి. h విలువ 0.1 అనుకోండి. h² అంటే 0.01, h³ అంటే 0.001, h⁴ అంటే 0.0001. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పదం పదోవంతుకు పడిపోతోంది. h ఇంకా చిన్నదైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే బిందువుకు తగినంత దగ్గరలో, మిగిలి ఉన్న పదాల్లో మొట్టమొదటిదే పెత్తనం చేస్తుంది. దాని వెనకున్నవన్నీ కలిసినా దాని గుర్తును తిప్పలేవు. పంచాయతీలో ముందు వరస పెద్దలు మాట్లాడకపోతే ఆ వెనక కూర్చున్న పెద్ద మాటే చెల్లినట్టు.

సరి, బేసి తేడా కూడా ఇక్కడినుంచే వస్తుంది. h⁴ కుడివైపు జరిగినా ఎడమవైపు జరిగినా ధనాత్మకమే. కాబట్టి ప్రమేయం రెండువైపులా పెరగాలి, లేదా రెండువైపులా తగ్గాలి. h³ అలా కాదు, ఒకవైపు ధనాత్మకం, రెండోవైపు రుణాత్మకం. ఒకవైపు పెరిగి ఇంకోవైపు తగ్గేది గరిష్ఠమూ కాలేదు, కనిష్ఠమూ కాలేదు.

బహుపదులు కాని ప్రమేయాల మీద ఒకసారి ప్రయత్నిద్దాం. x − sin x తీసుకోండి. మొదటి అవకలజం 1 − cos x, సున్నా దగ్గర సున్నా. రెండోది sin x, అదీ సున్నా. మూడోది cos x, విలువ 1. మొదట దొరికింది మూడోది, బేసి. కాబట్టి అక్కడ గరిష్ఠ కనిష్ఠాలేవీ లేవు. ఇప్పుడు x²/2 + cos x − 1 తీసుకోండి. దీని మొదటి అవకలజమే x − sin x. అంటే లెక్క సగం అయిపోయినట్టే. మొదటిది, రెండోది, మూడోది సున్నా, నాలుగోది 1. సరి, పైగా ధనాత్మకం, కాబట్టి కనిష్ఠం. ఈ రెండో వక్రాన్ని గ్రాఫ్ మీద గీస్తే సున్నా చుట్టూ అడుగు ఎంత చదునుగా ఉంటుందంటే, అది వక్రమో గీతో పోల్చుకోవడం కష్టం. x = 0.1 దగ్గర దాని ఎత్తు దాదాపు 0.000004 మాత్రమే.

ఈ చదునుదనమే కావాలని కోరుకునేవాళ్లు కూడా ఉన్నారు. గణితం పుస్తకంలో ‘పరీక్ష విఫలం’ అని రాసిన పరిస్థితిని వాళ్లు తీగ చుట్టి మరీ తయారు చేసుకుంటారు.

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్టూవర్ట్–గీ పరికరంతో పనిచేసినవారికి ఒక గ్రాఫ్ గుర్తుండాలి. నిలువుగా నిలబెట్టిన తీగచుట్టలో కరెంటు పంపి, అక్షం వెంట దిక్సూచి పెట్టెను జరుపుతూ, ఒక్కో దూరం దగ్గర అయస్కాంత క్షేత్రం ఎంతుందో చూస్తారు. మధ్యలో శిఖరం, రెండువైపులా దిగిపోయే వాలు. ఆ వాలు మీద వంపు మారే బిందువులు రెండు ఉంటాయి. వాటి మధ్య దూరం తీగచుట్ట వ్యాసార్ధానికి సమానమని రికార్డులో రాయిస్తారు. ఎందుకు సమానమో అవకలనం చేస్తే తెలుస్తుంది. వ్యాసార్ధాన్ని 1గా తీసుకుంటే, చుట్ట కేంద్రం నుంచి u దూరంలో క్షేత్రం (1 + u²)^(−3/2)కు అనుపాతంలో ఉంటుంది. దీన్ని రెండుసార్లు అవకలనం చేస్తే 3(4u² − 1) అనే భాగం, దానికి గుణకంగా ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ఇంకో భాగం వస్తాయి. u = ½ దగ్గర అది సున్నా. అంటే చుట్టకు ఇటు సగం వ్యాసార్ధం, అటు సగం వ్యాసార్ధం దూరంలో వంపు మారుతుంది.

ఇప్పుడు అలాంటి రెండు చుట్టలను ఒకే అక్షం మీద ఎదురెదురుగా పెట్టి, రెండింటిలోనూ ఒకే దిశలో ఒకే కరెంటు పంపుదాం. మధ్యబిందువు దగ్గర క్షేత్రం ఎలా ఉంటుంది? అమరిక కుడి ఎడమలకు ఒకేలా ఉంది కాబట్టి అక్కడ మొదటి అవకలజం సున్నా, మూడోదీ సున్నా, బేసివన్నీ సున్నా. వాటిని లెక్కకట్టే పనే లేదు. ఇక రెండోది చుట్టల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. చుట్టలు బాగా దగ్గరగా ఉంటే రెండూ కలిసి లావుపాటి ఒకే చుట్టలా ప్రవర్తిస్తాయి. మధ్యలో రెండో అవకలజం రుణాత్మకం, అక్కడ శిఖరం. దూరంగా జరిపితే ఒక్కో చుట్ట దగ్గర ఒక్కో శిఖరం ఏర్పడి నడుమ లోయ వస్తుంది. రెండో అవకలజం ధనాత్మకం అవుతుంది. శిఖరం లోయగా మారే ఆ హద్దు ఎక్కడ? ఒక్కో చుట్ట మధ్యబిందువు నుంచి సగం వ్యాసార్ధం దూరంలో ఉన్నప్పుడు. అంటే రెండు చుట్టల మధ్య దూరం సరిగ్గా వ్యాసార్ధమంత ఉన్నప్పుడు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ పేరుతో పిలిచే తీగచుట్టల జత ఇదే.

అక్కడ రెండో అవకలజ పరీక్ష చేతులెత్తేసింది. మూడోది సున్నా అని ముందే తెలుసు. నాలుగోదాన్ని అడగాలి. అవకలనం మరో రెండుసార్లు చేస్తే 45(1 − 12u² + 8u⁴) అనే భాగం వస్తుంది. u = ½ పెడితే కుండలీకరణంలో 1 − 3 + 0.5, అంటే −1.5. రుణాత్మకం. సరి అవకలజం, రుణాత్మకం, కాబట్టి మధ్యబిందువు దగ్గర అక్షం వెంట క్షేత్రానికి గరిష్ఠమే ఉంది. 24తో భాగించి, మధ్యలోని క్షేత్రంతో పోల్చి రాస్తే లెక్క ఇలా తేలుతుంది. x దూరాన్ని వ్యాసార్ధంలో ఎన్నో వంతుగా కొలిస్తే,

B(x) ≈ B(0) (1 − 1.152 x⁴)

దీని విలువ తెలియాలంటే ఒంటి చుట్టతో పోల్చాలి. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒంటి చుట్ట కేంద్రం నుంచి 1.5 సెంటీమీటర్లు పక్కకు జరిగితే క్షేత్రం దాదాపు 1.5 శాతం పడిపోతుంది. అదే వ్యాసార్ధం ఉన్న హెల్మ్‌హోల్ట్జ్ జత నడుమ అంతే దూరం జరిగితే పడిపోయేది 0.0115 శాతం. వంద రెట్లకు పైగా తేడా. భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఒకచోట రద్దు చేయాలన్నా, అయస్కాంత సెన్సర్‌ను సరిచూడాలన్నా ప్రయోగశాలల్లో ఈ జతను వాడేది అందుకే. ఇంతటితో ఆగలేదు కూడా. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1873 నాటి తన గ్రంథంలో మూడు చుట్టల అమరిక ఒకటి చెప్పాడు. అందులో నాలుగో అవకలజం కూడా సున్నా అవుతుంది. అక్కడ తీర్పు చెప్పాల్సింది ఆరోది.

అయితే కాగితం మీద సున్నా వేరు, బల్ల మీద సున్నా వేరు. బిగించేటప్పుడు చుట్టలు ఒక మిల్లీమీటరు ఎడంగా జరిగాయనుకుందాం. 15 సెంటీమీటర్లకు బదులు 15.1. ఇప్పుడు రెండో అవకలజం సున్నా కాదు. చాలా చిన్నదే గానీ ధనాత్మకం. 1 + 0.0128x² − 1.152x⁴ అన్నది దాదాపు కొత్త లెక్క. నియమం ప్రకారం మొట్టమొదట సున్నా కానిది రెండోదే కాబట్టి మధ్యబిందువు కనిష్ఠం! ఒక్క మిల్లీమీటరుతో గరిష్ఠం కాస్తా కనిష్ఠమైపోయింది. గరిష్ఠాలు రెండుగా చీలి, మధ్య నుంచి అటూ ఇటూ 1.1 సెంటీమీటర్ల దూరంలో తేలతాయి. ఆ గుట్టల ఎత్తు ఎంతో కూడా చూడాలి మరి. మధ్యలోని విలువ కంటే 0.0035 శాతమే ఎక్కువ. 0.01 శాతం వరకే తేడా పట్టగల మీటరుకు అవి అసలు కనిపించవు. చుట్టలను మిల్లీమీటరు దగ్గరగా జరిపితే మాత్రం ఇలాంటి చీలికేమీ ఉండదు, గరిష్ఠం గరిష్ఠంగానే ఉంటుంది.

రెండో అవకలజం సున్నా అయ్యే బిందువులన్నీ ఇలాంటి సుకుమారమైనవే. కొలతల నుంచో కంప్యూటర్ లెక్కల నుంచో వచ్చిన సంఖ్యతో పనిచేసేటప్పుడు ‘రెండో అవకలజం సున్నా’ అనే మాట కచ్చితంగా అనలేం. సున్నాకు దగ్గరగా ఉందని మాత్రమే అనగలం. నిజంగా సున్నా అని అనాలంటే కొలతలు కాకుండా వేరే కారణం చూపాలి. ఈ జతలో మూడో అవకలజం సున్నా అని ధైర్యంగా అన్నది అమరికలోని సౌష్ఠవాన్ని చూసే.

ఇంకో ఇబ్బంది శిఖరం ఎక్కడుందో వెతికేటప్పుడు ఎదురవుతుంది. అదే మీటరుతో ఒంటి చుట్ట కేంద్రాన్ని వెతికితే 1.2 మిల్లీమీటర్ల తేడాలోపు పట్టుకోవచ్చు. అంతకంటే పక్కకు పోతే క్షేత్రం తగ్గడం మీటరులో కనిపిస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ జతలో అయితే దాదాపు 1.4 సెంటీమీటర్లు పక్కకు పోయేదాకా మీటరులో చలనం ఉండదు. వర్గమూలం బదులు నాలుగో మూలం తీయాల్సి రావడమే కారణం. కంప్యూటర్‌లో గరిష్ఠం వెతికే ప్రోగ్రాములకూ ఇదే కష్టం. పదహారు అంకెల కచ్చితత్వంతో లెక్కచేసినా, x² వంటి అడుగును ఎనిమిది అంకెల వరకు పట్టగల పద్ధతి x⁴ వంటి అడుగు దగ్గర నాలుగు అంకెలకే ఆగిపోతుంది. శిఖరం విలువ చక్కగా వచ్చి, దాని చోటు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే, అక్కడ రెండో అవకలజం దాదాపు సున్నా అయి ఉంటుందని అనుమానించాలి.

నియమానికి అసలు అందని ప్రమేయాలూ ఉన్నాయి. ఫ్రెంచ్ గణితవేత్త కోషీ పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో చూపిన e^(−1/x²) అలాంటిది. సున్నా దగ్గర దాని విలువ సున్నా అని పెట్టుకుంటే, అక్కడ మొదటి అవకలజం సున్నా, రెండోది సున్నా, వందోది సున్నా, ఎంత పైకి వెళ్లినా సున్నాయే. అడగడానికి మెట్టంటూ మిగలదు. కానీ సున్నా తప్ప మిగతా అన్నిచోట్లా ప్రమేయం ధనాత్మకం కాబట్టి అక్కడున్నది నిక్షేపంలాంటి కనిష్ఠం. x = 0.1 దగ్గర దాని విలువ e^(−100), అంటే దశాంశ బిందువు తర్వాత నలభై మూడు సున్నాలు వచ్చాక గానీ మొదటి అంకె రాదు. ఇలాంటి చోట ఎన్నో అవకలజం అని చూసుకుంటూ కూర్చోకుండా మొదటి అవకలజం దగ్గరికే తిరిగి రావాలి. బిందువుకు ఎడమవైపు అది రుణాత్మకం, కుడివైపు ధనాత్మకం అయితే కనిష్ఠం. నిజానికి నాలుగైదుసార్లు అవకలనం చేయడం చిరాకు పుట్టించే ప్రమేయాలు ఎదురైనప్పుడు కూడా నేనైతే ఈ గుర్తుల పద్ధతికే ఓటేస్తాను. పరీక్ష పేపర్లో కూడా అదే తొందరగా తెగుతుంది.

ఇక అన్నింటికంటే ప్రమాదకరమైన చోటు ఒకటుంది. ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకే చలరాశికి, అంటే ఒకే గీత వెంట నడకకు మాత్రమే చెల్లుతుంది. హెల్మ్‌హోల్ట్జ్ జత దగ్గరికే మళ్లీ వెళ్దాం. అక్షం వెంట గరిష్ఠమని తేల్చాం. అక్షానికి అడ్డంగా, వ్యాసార్ధం దిశలో r దూరం జరిగి చూస్తే? అక్కడా రెండో అవకలజం సున్నా, నాలుగోది రుణాత్మకం. ఆ దిశలో క్షేత్రం 1 − 0.432r⁴ చొప్పున తగ్గుతుంది. పొడుగ్గా చూస్తే గరిష్ఠం, అడ్డంగా చూసినా గరిష్ఠం. కాబట్టి మధ్యబిందువు అన్ని దిశల్లోనూ గరిష్ఠమే అనేయాలనిపిస్తుంది.

కాదు. రెండు దూరాలనూ కలిపి రాస్తే నాలుగో ఘాతంలో మూడు పదాలు ఉన్నాయి: −1.152x⁴, −0.432r⁴, ఇంకా +3.456x²r². అక్షం మీద ఉన్నప్పుడు r సున్నా, అడ్డంగా పోయేటప్పుడు x సున్నా. అందుకే మూడో పదం ఆ రెండు దారుల్లోనూ కంటికి కనపడదు. ఇప్పుడు మూలగా, అక్షంతో 45 డిగ్రీల కోణంలో నడవండి. x, r సమానం. మూడు పదాలనూ కలిపితే +1.872x⁴ వస్తుంది. క్షేత్రం తగ్గకపోగా పెరుగుతోంది! అక్షం వెంట 1.5 సెంటీమీటర్లు, అడ్డంగా 1.5 సెంటీమీటర్లు జరిగిన చోట అది మధ్యలో కంటే 0.0187 శాతం ఎక్కువ. ఖాళీ జాగాలో అయస్కాంత క్షేత్రం అక్షం దిశలో ఎంత ఉందో చెప్పే ఈ సంఖ్య లాప్లాస్ సమీకరణానికి లోబడి ఉంటుంది. ఆ సమీకరణాన్ని పాటించే ప్రమేయానికి, అంతటా ఒకే విలువ ఉంటే తప్ప, ఏ బిందువు దగ్గరా అన్ని దిశల్లోనూ గరిష్ఠం ఉండదు.

ఇటలీ గణితవేత్త జుసెప్పె పియానో 1884లో చూపిన ఉదాహరణ దీనికంటే మాయదారిది. (y − x²)(y − 2x²) అనే ప్రమేయానికి మూలబిందువు గుండా పోయే ఏ సరళరేఖ వెంట నడిచినా అక్కడ కనిష్ఠమే కనిపిస్తుంది. 45 డిగ్రీలే కాదు, ఏ కోణమైనా సరే. నాలుగో అవకలజం దాకా పోవాల్సిన రేఖ x అక్షం ఒక్కటే. దాని వెంట ప్రమేయం 2x⁴, అక్కడా కనిష్ఠమే. మిగతా రేఖలన్నిటి మీదా రెండో అవకలజమే తేల్చేస్తుంది. అయినా y = 1.5x² అనే వంకర దారిలో నడిస్తే విలువ 0.5x² ను −0.5x² తో గుణించినంత, అంటే −0.25x⁴. మూలబిందువుకు ఎంత దగ్గరగా వెళ్లినా అది సున్నా కంటే తక్కువే, కాబట్టి అక్కడ కనిష్ఠం లేదు. అప్పటి ప్రామాణిక పాఠ్యగ్రంథాల్లో ప్రతి రేఖ వెంటా కనిష్ఠమైతే చాలన్న వాదన ఉండేది. పియానో ఈ ఉదాహరణ ఇచ్చింది దాన్ని కొట్టేయడానికే.